తొలి ఇంటర్న్‌షిప్ ఉత్తరంలో ఆ మూడు బిల్లుల సంగతి రాయండి

బీకాం ఆఖరి ఏడాది విద్యార్థులు సీఏ ఆఫీసులకు పంపే కవర్ లెటర్లు చాలావరకు ‘మీ ప్రతిష్ఠాత్మక సంస్థలో’ అని మొదలై, ‘కష్టపడతాను, త్వరగా నేర్చుకుంటాను’ అంటూ ముగుస్తాయి. ఉద్యోగానుభవం లేదు కనుక రాయడానికి ఇంకేమీ లేదని వాళ్ల బెంగ. చదివే ఆడిటరు మాత్రం వేరే విషయం వెతుకుతారు: కొనుగోలు బిల్లుల కట్ట చేతికిస్తే ఈ విద్యార్థి ఏం చేయగలడు?

దానికి జవాబు ఇంటి దగ్గరే దొరకవచ్చు. మేనమామ కిరాణా కొట్టు లెక్కలు చూసిన అమ్మాయి ఇలా రాసిందనుకుందాం: ‘మామయ్య కొట్టులో ఒక నెల కొనుగోలు బిల్లులు 46 ట్యాలీలో ఎక్కించి, జీఎస్టీఆర్-2బీతో సరిచూశాను. మూడు కలవలేదు. ఒకదానిలో బిల్లు నంబరు నేనే తప్పు కొట్టాను, దిద్దాను. మిగతా రెండూ సరఫరాదారు తన రిటర్నులో చూపలేదు. వాటి వివరాలు అకౌంటెంటుగారికి రాసిచ్చాను.’

అమ్మినవాళ్లు తమ రిటర్నులో చూపిన బిల్లులే కొన్నవాళ్ల 2బీలో కనిపిస్తాయి. అక్కడ లేని బిల్లు మీద కట్టిన పన్నును వ్యాపారి తన పన్నులోంచి తగ్గించుకోలేడు. చిన్న సీఏ ఆఫీసుల్లో నెలనెలా జరిగే పని ఇదే. అందుకే ఆ ఐదు వాక్యాలు మార్కుల శాతం కన్నా ఎక్కువ చెబుతాయి. తప్పు ఎక్కడుందో వెతికింది, తనది తాను దిద్దింది, తనవల్ల కానిది పైవాళ్లకు చెప్పింది. కొట్టు పేరు, జీఎస్టీ నంబరు రాయకపోవడం కూడా మంచిదే. ఇంకొకరి లెక్కలు బయటపెట్టనివాళ్లే ఆ ఆఫీసులకు కావాలి.

చేయని పని మాత్రం అల్లకండి. కొట్టు కాంపోజిషన్ పథకంలో ఉంటే అలా పన్ను తగ్గించుకోవడమే ఉండదు. ఇంటర్వ్యూలో ఒక్క ప్రశ్నకే దొరికిపోతారు. ట్యాలీని ఎడ్యుకేషనల్ మోడ్‌లోనే నేర్చుకుంటే ఆ మాటే రాయండి. అందులో నెలలో 1, 2, 31 తేదీలకే ఎంట్రీలు పడతాయని ఆడిటర్లకు తెలుసు. ‘రిటర్ను స్వయంగా వేయలేదు, పక్కన కూర్చుని చూశాను’ అన్న వాక్యం మీ విలువ తగ్గించదు.

ఆఖరి పేరాలో ఏ తేదీ నుంచి ఏ తేదీ దాకా రాగలరో, సెమిస్టర్ పరీక్షలు ఎప్పుడో చెప్పండి. ఉత్తరం ఒక పేజీ దాటకూడదు. దాన్ని మెయిల్‌లోనే రాసి, రెజ్యూమే ఒక్కటే పీడీఎఫ్‌గా జతచేయండి.

పంపే రోజు కూడా చూసుకోవాలి. నెలనెలా రిటర్నులు వేసే వ్యాపారులకు 11న జీఎస్టీఆర్-1, 20న 3బీ గడువు. ఆ హడావుడిలో వచ్చిన మెయిల్ అడుగున పడిపోతుంది. 21 తర్వాత పంపండి. వారంలో జవాబు రాకపోతే ప్రింటు తీసుకుని మధ్యాహ్నం ఆఫీసుకే వెళ్లి ఇవ్వండి.