పెదాల్లేని గ్రహవాసికి పేరు పెట్టడం

సైన్స్ ఫిక్షన్ కథ మొదలుపెట్టిన కొత్తలో చాలామంది గ్రహాంతరవాసికి ‘క్స్‌జ్ర్‌థాక్’ లాంటి పేరు పెడతారు. చూడ్డానికి వింతగానే ఉంటుంది. కానీ పాఠకుడు రెండో పేజీ నుంచి దాన్ని చదవడం మానేసి, మొదటి అక్షరం ఆకారాన్ని గుర్తుపట్టి ముందుకు వెళ్లిపోతాడు. నోటికి రాని పేరు మనసులోనూ పలకదు. పలకని పాత్ర మీద ఇష్టమో భయమో కలగడం కష్టం.

వింతదనం అక్షరాల్లో కాదు, వాటి అమరికలో ఉంది. 1984లో వచ్చిన స్టార్ ట్రెక్ మూడో సినిమా కోసం క్లింగాన్ భాషను తయారుచేసిన మార్క్ ఓక్రాండ్ భాషాశాస్త్రవేత్త. ఆయన వాడిన ధ్వనులన్నీ మనుషుల భాషల్లో ఉన్నవే. కాకపోతే మామూలుగా జంటగా ఉండేవాటిని విడదీశాడు. క్లింగాన్‌లో ‘డ’ను మనలాగే నాలుక వెనక్కి మడిచి పలకాలి. దాని జోడు ‘ట’ను మాత్రం మడవకుండా ఇంగ్లీషువాళ్లలా పంటి చిగురుకు తాకించి పలుకుతారు. మామూలు ‘క’ అసలు లేదు, దాని బదులు గొంతు లోతుల్లోంచి వచ్చే ధ్వనులున్నాయి. నటులు నేర్చుకుని పలకగలిగారు, వినేవాళ్లకేమో ఇది భూమ్మీది భాష కాదనిపించింది.

తెలుగులో రాసేవాళ్లకు ఇదే పని చేసిపెట్టే అక్షరాలు రెండున్నాయి: ణ, ళ. పదం మధ్యలోనో చివరో రోజూ పలుకుతాం గానీ, తెలుగు మాట ఏదీ వాటితో మొదలవదు. అందుకే ‘ళిగెత’ అనగానే చెవి ఉలిక్కిపడుతుంది, నాలుక మాత్రం తడబడదు. ఒత్తక్షరాల సంగతి వేరు. ఖ, ధ, భ వచ్చాయంటే పేరు పురాణంలోకి వెళ్లిపోతుంది. కథకు ఆ వాసన కావాలంటే సరే, లేదంటే వాటిని పక్కన పెట్టడమే మంచిది.

ఒక గ్రహాన్ని తీసుకుని చూద్దాం. అక్కడివాళ్లకు పెదాలు లేవనుకుందాం. అప్పుడు ప, బ, మ, వ పలకలేరు. పెదాలు గుండ్రంగా చుట్టాల్సిన ఉ, ఒ కూడా పోతాయి. అ, ఇ, ఎ మిగులుతాయి. హల్లుల్లో ణ, ళ, ర, స, త, గ లాంటివి ఉంచుకుని గ్రహానికి ‘ణిరెస’ అనీ, మనుషుల్ని మొదట కలిసే ఇద్దరికి ళిగెత, సెణక అనీ పెడదాం. ఈ పేర్లన్నీ ఒకే జాతివని ఎవరూ చెప్పకుండానే తెలుస్తుంది. కథకు ఇంకో లాభమూ ఉంది. ళిగెత మన పద్మను పిలవబోతే ‘తద్న’ అంటుంది. ‘అమ్మ’ అనబోతే దాని నోట ‘అన్న’ అని వస్తుంది. అక్కడొక మంచి సన్నివేశం దొరికినట్టే.

పేరు కుదిరిందని తేల్చేముందు దానికి విభక్తులు తగిలించి చూడాలి. ఇంగ్లీషు రచయితకు లేని తిప్పలు తెలుగు రచయితకు ఇక్కడే వస్తాయి. గ్రహానికి ‘తారెలో’ అని పెట్టారనుకోండి. ‘తారెలోకి వెళ్లారు’ అని రాస్తే ఆ గ్రహం పేరు ‘తారె’ అనుకుంటాడు పాఠకుడు. ‘కి’, ‘తో’, ‘ని’తో ముగిసే పేర్లకూ ఇదే గండం. సున్నాతో ముగిస్తే ‘ఎలిరం’ కాస్తా ఎలిరాన్ని, ఎలిరానికి అని రూపం మార్చుకుంటూ పోతుంది. ‘లు’తో ముగిస్తే బహువచనంలా వినపడుతుంది. ణిరెసను, ణిరెసకు, ణిరెసలో, ణిరెస నుంచి: ఇది ఎక్కడా చెదరలేదు కాబట్టి నిలబడుతుంది. రెండు ముఖ్యపాత్రల పేర్లు ఒకే అక్షరంతో మొదలవకుండా చూసుకోవడం కూడా మరవకూడదు.

నౌకలోని మనుషుల దగ్గర వింతదనం తగ్గించాలి. ఫ్రాంక్ హెర్బర్ట్ 1965 నాటి ‘డ్యూన్’ నవలలో ఎడారి గ్రహానికి అరాకిస్ అని పెట్టి, కథానాయకుడికి పాల్ అనే మామూలు పేరు ఉంచాడు. ‘కల్కి 2898 ఏడీ’లో భైరవ నడిపే వాహనం పేరు బుజ్జి. అంత దూరపు కాలంలోనూ ముద్దుపేరు మిగిలిందంటే ప్రేక్షకుడు ఇట్టే నమ్మాడు.

నాకు మాత్రం మన ఇంటిపేర్ల దారే అన్నిటికంటే నచ్చుతుంది. మనలో చాలామంది ఇంటిపేర్లు ఊరిపేర్లే. అంగారకుడి మీద తెలుగువాళ్లు నాలుగు తరాలు కాపురముంటే అక్కడి ఊళ్లూ ఇంటిపేర్లవుతాయి. 2021లో పెర్సెవరెన్స్ రోవర్ దిగిన బిలం పేరు జెజెరో. తెలుగు నోట నలిగి అది ‘జెజేరు’ అవుతుంది. నౌక ఇంజనీరు జెజేరు సుగుణ, పైలట్ జెజేరు వెంకట్ ఒకే ఇంటిపేరువాళ్లు, ‘మీ తాతగారిది ఏ గుడారం?’ అని ఆరా తీసుకుంటారు.