మూడు రెసిస్టర్లు, రెండు రంగులు

ఫిజిక్స్ క్విజ్‌లలో తరచూ కనిపించే బొమ్మ ఒకటుంది. ఒకే వరసలో ఎ, బి, సి, డి అని నాలుగు చుక్కలు. ఎ-బి మధ్య 2 ఓమ్‌లు, బి-సి మధ్య 3, సి-డి మధ్య 6 ఓమ్‌ల రెసిస్టర్లు. ఎ నుంచి సి కి పైనుంచి ఒక తీగ, బి నుంచి డి కి కిందనుంచి ఇంకో తీగ. కింది తీగలో అమ్మీటర్. ఎ కి 6 వోల్టుల బ్యాటరీ ప్లస్ కొన, డి కి మైనస్ కొన కలిపారు. అమ్మీటర్ ఎంత చూపిస్తుంది? ఆప్షన్లు: 0.55, 3, 5, 6 ఆంపియర్లు.

వరసగా కనిపించాయి కదా అని మూడింటినీ కూడితే 11 ఓమ్‌లు. 6ని 11తో భాగిస్తే 0.55. అది మొదటి ఆప్షన్‌లోనే కూర్చుని ఉంది! తొందరపడే వాళ్ల కోసం పన్నిన వల అది.

బొమ్మలో వరసను నమ్మకండి. ఎర్ర పెన్సిల్‌తో ప్లస్ కొన నుంచి తీగ మీద గీసుకుంటూ పోండి, రెసిస్టర్ అడ్డొస్తే ఆగండి. ఎ ఎరుపు, పై తీగ మీదుగా సి కూడా ఎరుపే. మైనస్ వైపు నుంచి నీలం మొదలుపెడితే డి నీలం, కింది తీగ మీదుగా బి కూడా నీలమే. అమ్మీటర్ దగ్గర ఆగనక్కర్లేదు, లెక్కల్లో దానికి నిరోధం లేదనే అనుకుంటారు. ఇప్పుడు చూడండి, ప్రతి రెసిస్టర్‌కీ ఒక కొస ఎరుపు, ఒక కొస నీలం. అంటే మూడూ సమాంతరమే, ఒక్కోదానికీ పూర్తి 6 వోల్టులు అందుతాయి. వాటిలో కరెంట్లు 3, 2, 1. మొత్తం 6 ఆంపియర్లు.

ఇక్కడిదాకా సరిగ్గా వచ్చినవాళ్లు కూడా చటుక్కున 6 పెట్టేస్తారు. అది బ్యాటరీ ఇచ్చే కరెంటు. అడిగింది అమ్మీటర్ గురించి. బి దగ్గరికి ఎడమ నుంచి 3 ఆంపియర్లు వస్తాయి. సి ఎరుపు కాబట్టి మధ్య రెసిస్టర్‌లో కరెంటు వెనక్కి, కుడి నుంచి ఎడమకి పారి, ఇంకో 2 తెస్తుంది. రెండూ కలిసి కింది తీగలోకి దిగుతాయి. జవాబు 5. మిగిలిన 1 ఆంపియర్ 6 ఓమ్‌ల దారిన నేరుగా డి కి చేరి, అక్కడ ఈ 5తో కలిసి 6 అవుతుంది. లెక్క సరిపోయింది.

అమ్మీటర్‌ను పై తీగలో గీసి ఉంటే జవాబు 3 అయ్యేది. రెండు, మూడు రెసిస్టర్లకు వెళ్లే కరెంటు మాత్రమే ఆ తీగలో ఉంటుంది.

ఫోన్‌లో చిన్నగా కనిపించే బొమ్మల్లో ఇంకో ఇబ్బంది. బ్యాటరీ పక్కన అంతర్నిరోధం 1 ఓమ్ అని బుల్లి అక్షరాల్లో రాసి ఉండొచ్చు. మూడు రెసిస్టర్ల ఉమ్మడి నిరోధం కూడా 1 ఓమే కాబట్టి, మొత్తం 2 ఓమ్‌లై కరెంట్లన్నీ సగానికి పడిపోతాయి, అమ్మీటర్ 2.5 చూపిస్తుంది. మీ జవాబుకి సరిగ్గా సగం ఆప్షన్లలో కనిపిస్తే, బొమ్మను పెద్దది చేసి బ్యాటరీ పక్కన ఇంకోసారి చూడండి.