85 జతలలో సాక్ష్యం చెప్పేవి 22

1971లో వియానా, గ్రీన్‌వాల్డ్, డేవీస్ అనే పరిశోధకులు శోషరస వ్యవస్థకు సోకే క్యాన్సర్‌ అయిన హాడ్జ్‌కిన్ వ్యాధి ఉన్న 101 మందిని, ఆ వ్యాధి లేని 107 మందిని పోల్చి చూశారు. రోగులలో 67 మందికి, ఇతరులలో 43 మందికి అంతకుముందే టాన్సిల్స్ తొలగించారని తేలింది. ఆపరేషన్ జరిగినవారి సంఖ్యను జరగనివారి సంఖ్యతో భాగిస్తే వచ్చేదాన్ని ఆడ్స్ అంటారు. రోగుల ఆడ్స్ 67/34, ఇతరుల ఆడ్స్ 43/64. మొదటిదాన్ని రెండవదానితో భాగిస్తే వచ్చే ఆడ్స్ నిష్పత్తి 2.93. టాన్సిల్స్ శరీర రక్షణ వ్యవస్థలో భాగం కనుక, వాటిని తీసివేయడం ఈ వ్యాధికి దారి తీస్తున్నదేమోనన్న అనుమానం సహజంగానే పుట్టింది.

దీనికి వెంటనే ఒక ఆక్షేపణ చెప్పవచ్చు. పిల్లలకు టాన్సిల్స్ తీయించాలా వద్దా అన్నది కుటుంబపు ఆర్థిక స్థితి మీద, తల్లిదండ్రుల నమ్మకం మీద, ఇంటి వైద్యుని అలవాటు మీద ఆధారపడుతుంది. ఆ కుటుంబ పరిస్థితులే వ్యాధితో కూడా ముడిపడి ఉంటే, ఆపరేషన్‌కు ఏ పాపమూ లేకపోయినా నింద దానిమీద పడుతుంది. 1972లో జాన్సన్ అన్న ఇంటిపేరే గల ఇద్దరు పరిశోధకులు ఈ చిక్కును తప్పించడానికి చక్కని మార్గం ఎంచుకొన్నారు. ప్రతి రోగికీ పోలికగా అదే లింగానికి చెందిన, వయస్సులో అయిదేళ్ళకు మించి తేడా లేని, వ్యాధి లేని తోబుట్టువును తీసుకొన్నారు. అలా 85 జతలు కుదిరాయి. కుటుంబం ఒకటే కనుక కుటుంబ పరిస్థితుల ప్రభావం జతలో ఇద్దరి మీదా ఒకేలా ఉంటుంది.

అయితే విశ్లేషణకు వచ్చేసరికి వారు జతలను విడదీశారు. 85 మంది రోగులను ఒక గుంపుగా, 85 మంది తోబుట్టువులను మరొక గుంపుగా లెక్కించారు. రోగులలో 41 మందికి ఆపరేషన్ జరిగింది, 44 మందికి జరగలేదు. తోబుట్టువులలో 33 మందికి జరిగింది, 52 మందికి జరగలేదు. ఈ లెక్కన ఆడ్స్ నిష్పత్తి 1.47. కై-స్క్వేర్ విలువ 1.53 మాత్రమే, 5 శాతం స్థాయికి కావలసిన 3.84కు అది చాలా దూరం. దీనిని బట్టి తమ ఫలితాలు 1971 నాటి అనుమానాన్ని బలపరచడం లేదని వారు భావించారు. ఆ విశ్లేషణలో జతలను విస్మరించారని పలువురు అదే పత్రికకు లేఖలు రాశారు.

జతలను విడదీయకుండా అమర్చితే ఆ సమాచారం ఇలా ఉంటుంది:

| | తోబుట్టువుకు జరిగింది | తోబుట్టువుకు జరగలేదు |
|---|---|---|
| రోగికి జరిగింది | 26 | 15 |
| రోగికి జరగలేదు | 7 | 37 |

ఇద్దరికీ ఆపరేషన్ జరిగిన 26 జతలు, ఇద్దరికీ జరగని 37 జతలు కలిపి 63 సమాన జతలు. వీటిలో రోగికీ తోబుట్టువుకూ తేడా లేదు కనుక, ఆపరేషన్‌కూ వ్యాధికీ ఉన్న సంబంధం గురించి ఇవి ఏమీ చెప్పలేవు. చెప్పగలిగినవి ఇద్దరిలో ఒక్కరికే ఆపరేషన్ జరిగిన 22 భిన్న జతలు. వాటిలో ఆపరేషన్ రోగికి జరిగినవి 15, తోబుట్టువుకు జరిగినవి 7. సరైన ఆడ్స్ నిష్పత్తి 15/7, అంటే 2.14.

ఈ చిన్న భాగహారం ఎందుకు సరిపోతుంది? ఒక కుటుంబంలో ఆరోగ్యవంతునికి ఆపరేషన్ జరిగి ఉండే ఆడ్స్ q అనుకొందాం. అసలు ఆడ్స్ నిష్పత్తి ψ అయితే, రోగి ఆడ్స్ ψq అవుతుంది. రోగికి మాత్రమే జరిగే సంభావ్యతను తోబుట్టువుకు మాత్రమే జరిగే సంభావ్యతతో భాగిస్తే ψq/q, అంటే ψ మిగులుతుంది. కుటుంబానికి కుటుంబానికి మారే q రద్దయిపోతుంది. దాని విలువ తెలియనవసరం కూడా లేదు.

జతలను విడదీసి కలగలిపితే q రద్దు కాదు. ఒక ఊహాజనిత ఉదాహరణ చూద్దాం. అసలు నిష్పత్తి అన్ని కుటుంబాలలోనూ 3 అనుకొందాం. ఆపరేషన్ అరుదుగా చేయించే 200 కుటుంబాలలో తోబుట్టువులకు 25 శాతం, రోగులకు 50 శాతం జరుగుతుంది. తరచుగా చేయించే మరో 200 కుటుంబాలలో ఆ అంకెలు 75, 90 శాతం. రెండు చోట్లా నిష్పత్తి 3 అని సరిచూసుకోవచ్చు. అందరినీ కలిపితే 400 మంది రోగులలో 280 మందికి, 400 మంది తోబుట్టువులలో 200 మందికి జరిగినట్లవుతుంది, నిష్పత్తి 2.33కు పడిపోతుంది. భిన్న జతలను లెక్కిస్తే మొదటి రకం కుటుంబాలలో 75కు 25, రెండవ రకంలో 45కు 15 వస్తాయి. మొత్తం 120/40, అంటే సరిగ్గా 3. అసలు నిష్పత్తి 1కి ఏ వైపున ఉన్నా, ఇలా కలగలిపిన విలువ 1 వైపుకు జరుగుతుంది. నిజంగా ఉన్న సంబంధం ఉన్నదానికంటె బలహీనంగా కనిపిస్తుంది.

జతల్లో ఇద్దరి మధ్యా పోలిక ఎంత ఉందో పట్టికే చెబుతుంది. ఇద్దరి ఆపరేషన్లకూ సంబంధం లేకపోతే, ఇద్దరికీ జరిగిన జతలు 41×33/85, అంటే సుమారు 16 ఉండాలి. ఉన్నవి 26. తోబుట్టువులు ఇంతగా ఒకరినొకరు పోలి ఉన్నప్పుడు 170 మందిని 170 స్వతంత్ర వ్యక్తులుగా లెక్కించడం చెల్లదు. ఆ రెండు సంఖ్యలూ దగ్గర దగ్గరగా ఉంటే జతలను విడదీయడం వల్ల నిష్పత్తిలో పెద్ద తేడా రాదు. కాని జతల పట్టిక లేకుండా ఆ సంగతి తేల్చలేము. కనుక విడివిడి మొత్తాలు మాత్రమే ముద్రించిన జతల అధ్యయనాన్ని జాగ్రత్తగా చదవాలి.

దీనికి ఎదురు దిశలో మరొక పొరపాటు ఉంది. జతలను గౌరవించాలన్న మంచి ఉద్దేశంతోనే, మామూలు లాజిస్టిక్ రిగ్రెషన్‌లో ప్రతి జతకూ ఒక్కొక్క చలరాశిని చేర్చేవారున్నారు. అలా 85 అదనపు అంశాలను అంచనా వేయబోతే ఫలితం అసలు నిష్పత్తికి వర్గమవుతుంది: 15/7కు బదులు దాని వర్గం, 4.59. సరైన దారి కండిషనల్ లాజిస్టిక్ రిగ్రెషన్. ఆర్ భాషలో అది ఇంత చిన్నది:

```r
library(survival)
clogit(case ~ tonsil + strata(pair))
```

ఇతర చలరాశులేవీ లేనప్పుడు దీని నుంచి వచ్చే నిష్పత్తి 15/7.

ఇక ఆ 15, 7 మధ్య తేడా కేవలం యాదృచ్ఛికమా అన్న ప్రశ్న మిగిలింది. ఆపరేషన్‌కూ వ్యాధికీ సంబంధం లేకపోతే భిన్న జతలు రెండు వైపులా సమానంగా చీలాలి. 22 సార్లు నాణెం ఎగరవేసినట్లే. 1947లో క్విన్ మెక్‌నెమార్ ప్రతిపాదించిన పరీక్ష ప్రకారం తేడా వర్గాన్ని మొత్తంతో భాగించాలి: (15−7)²/22 = 2.91. దీని p విలువ సుమారు 0.09. నాణెం లెక్కను ఉజ్జాయింపు లేకుండా చేస్తే 0.13 వస్తుంది. ఏ లెక్క ప్రకారం చూసినా 5 శాతం గీత దాటలేదు.

అంటే జాన్సన్ల నిర్ణయమే చివరికి నిలిచిందా? నిలవలేదు. 2.14 చుట్టూ 95 శాతం విశ్వాస అంతరం సుమారు 0.87 నుంచి 5.25 వరకు వ్యాపిస్తుంది. అందులో సంబంధమే లేదని చెప్పే 1 ఉంది. 1971 అధ్యయనం చెప్పిన 2.93 కూడా ఉంది. తొలి అధ్యయనాన్ని బలపరచడం లేదని భావించిన సమాచారం నిజానికి దానితో విభేదించనే లేదు. టాన్సిల్స్ ఆపరేషన్ నిర్దోషి అనీ దోషి అనీ ఆ 22 జతలు తేల్చలేవు. తేల్చాలంటే ఇంకా ఎక్కువ భిన్న జతలు కావాలి. సమాన జతలు ఎన్ని పెరిగినా ఆ అంతరం ఏమాత్రం ఇరుకు కాదు.