సార్ ముందు పెట్టిన ఒక్క పేజీ

"అందరికీ ఇళ్లున్నాయమ్మా, అందరికీ పిల్లలున్నారు!"

మొదటిసారి అడిగినప్పుడు మా మేనేజరుగారు అన్న మాట ఇది. మల్కాజ్‌గిరి నుంచి గచ్చిబౌలికి పోను గంటన్నర, రాను గంటన్నర. అత్తయ్యకు మోకాలి ఆపరేషనైంది. బాబు రెండో తరగతి. ఇవన్నీ ఏకరువు పెట్టి, వారంలో రెండు రోజులు ఇంటి నుంచి పనిచేస్తానన్నాను. ఆయన కాదనేసరికి ఏడుపొచ్చింది. తర్వాత ఆలోచిస్తే ఆయన తప్పేం లేదనిపించింది. నేను చెప్పినవన్నీ నా ఇబ్బందులే. వాటికి ఆయన జాలిపడగలరు గానీ, పైవాళ్లకు ఏమని రాస్తారు?

చట్టం లేదా అంది మా చెల్లెలు. 2017లో ప్రసూతి చట్టాన్ని సవరించినప్పుడు, సెలవు ముగిశాక ఇంటి నుంచి పనిచేసే వీలు చేర్చారు. అదీ పని అందుకు అనువైనదై, యజమాని ఒప్పుకుంటేనే. రెండో తరగతి పిల్లాడి తల్లికి అదెక్కడ వర్తిస్తుంది!

నాది అకౌంట్స్‌లో ఉద్యోగం. సరుకు పంపినవాళ్ల బిల్లులు సరిచూసి, కంప్యూటర్లో ఎక్కించి, చెల్లింపుకు పంపాలి. రెండు వారాలపాటు ఏ పనికి ఎంతసేపు పడుతోందో, అది ఆఫీసులోనే చెయ్యాలా అన్నది నోట్‌బుక్‌లో రాసుకున్నాను. వారానికి 45 గంటల్లో, ఆఫీసులో ఉండి తీరాల్సిన పని 16 గంటలే తేలింది. కాగితం బిల్లులు అందుకోవడం, స్టోర్స్‌వాళ్లతో లెక్క తేల్చుకోవడం, శుక్రవారం చెక్కుల సంతకాలు... అంతే. ఇంకో సంగతీ బయటపడింది. ప్రశాంతంగా ఉన్న రోజు 40 బిల్లులు ఎక్కితే, "ఒక్క నిమిషం మేడమ్" అంటూ వచ్చేవాళ్లు ఎక్కువైన రోజు 25 కూడా దాటలేదు.

మరి సార్‌కున్న తలనొప్పి ఏమిటి? చిన్న సంస్థల బాకీలు. 2006 నాటి చట్టం ప్రకారం, సూక్ష్మ, చిన్న సంస్థలతో రాతపూర్వక ఒప్పందమున్నా, సరుకు ఒప్పుకున్నాక 45 రోజుల్లోగా డబ్బు చెల్లించాలి. దాటితే నెలనెలా చక్రవడ్డీ పడుతుంది. అంతకుముందు నెలలో మాకలా 11 బిల్లులు గడువు దాటాయి. వాటిలో ఏడు, ఎక్కించే తీరిక లేక నా బల్ల మీద ఆగినవే! ఒప్పుకోవడానికి సిగ్గేసినా, కాగితం మీద మొదటి వాక్యంగా అదే పెట్టాను.

దాని కింద ఇలా రాశాను: "మంగళ, గురువారాలు ఇంటి నుంచి బిల్లులు ఎక్కించే పని మాత్రమే చేస్తాను. ముందురోజు సాయంత్రం స్కాన్ చేసి పెట్టుకుంటాను. అసలు కాగితాలు ఆఫీసు దాటవు. 9 నుంచి 6 దాకా ఫోన్‌లో దొరుకుతాను. నెలాఖరు మూడు రోజులూ, ఆడిట్ రోజులూ ఆఫీసుకే వస్తాను. ఆరు వారాలు చూడండి. గడువు దాటే బిల్లులు తగ్గకపోయినా, తప్పులు పెరిగినా పాత పద్ధతే."

అత్తయ్య మాట, బాబు మాట అందులో లేనే లేదు. నెలాఖరు హడావుడి పోయాక, పదో తారీఖున పావుగంట సమయం అడిగి, కాగితం ముందురోజే పంపాను.

చదివి, "ఇంట్లో పిల్లాడుంటే పనేం సాగుతుంది?" అన్నారు. ఈ ప్రశ్న వస్తుందని తెలుసు. "నాలుగింటికి స్కూల్నుంచి వచ్చాక పక్కింటావిడ ఆరుదాకా చూస్తారు సార్. అత్తయ్యకు మనిషిని పెట్టాం" అన్నాను. "నీకిస్తే మిగతా నలుగురూ అడుగుతారు" అన్నారు. "వాళ్ల లెక్కలూ చూద్దురుగాని సార్, ముందు నాది ఆరు వారాలు చూడండి" అన్నాను. చివరికి గురువారం ఒక్కటే ఇచ్చారు. మిగతా రోజుల్లో 8 నుంచి 5 దాకా రమ్మన్నారు. నిజానికి ఆ గంట మార్పే నాకు ఎక్కువ కలిసొచ్చింది, పొద్దున్న రోడ్లు ఖాళీ మరి! అనుకున్నదంతా ఆ సాయంత్రమే మెయిల్లో రాసి పంపి, "సరే" అని జవాబు తెప్పించుకున్నాను.

అంతా సాఫీగా సాగిందనుకునేరు! రెండో గురువారం కరెంటు పోయి, ఇంటర్నెట్ గంటన్నర ఆగింది. సార్ ఫోన్‌లో గట్టిగానే అన్నారు. రౌటర్‌కి చిన్న బ్యాటరీ కొన్నాను. మూడో వారం స్టోర్స్‌లో ఒకాయన "మేడమ్ లీవ్‌లో ఉన్నారు" అని ఎవరికో చెప్పేశాడు. అప్పట్నుంచి పొద్దున్న ఏమి చేయబోతున్నానో, సాయంత్రం ఎన్ని ఎక్కాయో, ఏది ఎక్కడ ఆగిందో రెండు వాక్యాల్లో అందరికీ పంపడం మొదలుపెట్టాను.

ఆరు వారాలకు గడువు దాటినవి 11 నుంచి 4కి దిగాయి. అందులో మూడు స్టోర్స్‌లో ఆగినవి, నావి కావు. మంగళవారం సంగతి మాత్రం "చూద్దాంలేమ్మా" దగ్గరే ఉంది. ఈలోగా ఆ సార్‌కి బదిలీ అయింది. కొత్తాయన వచ్చిన రెండో రోజే, "గురువారాలు మీకెవరిచ్చారు?" అనడిగారు. ఆ పాత మెయిల్ తీసి చూపించాను.