తమ్ముడి తల దువ్వింది ఎవరు?

స్పానిష్ నేర్చుకునేవాళ్లకు మొదటి నెలల్లోనే ఒక పొద్దుటి కథ ఎదురవుతుంది. నిద్ర లేవడం, స్నానం, తల దువ్వుకోవడం... ఇంతకంటే సంగతులేమీ ఉండవు. ఈ చిన్న పనులన్నీ ఒకే వ్యాకరణ సూత్రంతో నడుస్తాయి కాబట్టే ఆ కథను అంత ముందుగా పెడతారు. అలాంటిదే ఒకటి ఇక్కడ రాస్తున్నాను. అర్థం గురించి ఆలోచించకుండా ఒకసారి పైకి చదవండి.

మె యామో లుసియా. మె దెస్ప్యెర్తో ఆ లాస్ స్యెతె. మె లెవాంతో ఇ దెస్ప్యెర్తో ఆ మి ఎర్మానో. మె దూచో, మె బీస్తో ఇ మె పెయ్నో. మి ఎర్మానో నో సె పెయ్నా: మమా లో పెయ్నా. దెసాయునామోస్. మె లావో లోస్ ద్యెంతెస్. ఆ లాస్ ఓచో నోస్ బామోస్.

నా పేరు లుసియా. ఏడింటికి మెలకువ వస్తుంది. లేచి తమ్ముణ్ణి లేపుతాను. స్నానం చేస్తాను, బట్టలు వేసుకుంటాను, తల దువ్వుకుంటాను. తమ్ముడు దువ్వుకోడు, అమ్మే వాడికి దువ్వుతుంది. టిఫిన్ తింటాం. పళ్లు తోముకుంటాను. ఎనిమిదింటికి బయల్దేరతాం.

కథలో 'దెస్ప్యెర్తో' రెండుసార్లు వచ్చింది. ముందు 'మె' ఉన్నచోట మెలకువ లుసియాకే వచ్చింది. 'మె' లేనిచోట లుసియా లేపింది తమ్ముణ్ణి. చేసిన పని తిరిగి చేసినవాళ్లకే తగిలితే ఈ చిన్న మాట ముందు చేరుతుంది. మనకిది కొత్తేమీ కాదు. దువ్వడానికీ దువ్వుకోవడానికీ తేడా తెలుగు పిల్లలకు బడికి వెళ్లకముందే తెలుసు. 'సె పెయ్నా' అంటే దువ్వుకుంటాడు, 'లో పెయ్నా' అంటే వాడికి దువ్వుతుంది.

అయితే ఈ చుట్టరికమే మనల్ని తప్పుదారి పట్టిస్తుంది. దువ్వుకుంటాను, దువ్వుకుంటావు, దువ్వుకుంటుంది అన్నప్పుడు మన 'కొను' అలాగే ఉండి చివర మాత్రమే మారుతుంది. స్పానిష్‌లో ముందు మాటా మారాలి, చివరా మారాలి. నేను అయితే మె, నువ్వు అయితే తె, ఆమె లేదా వాళ్లు అయితే సె, మనం అయితే నోస్. స్పెయిన్‌లో మిత్రులైన 'మీరు' అందరికీ ఓస్ అని ఇంకొకటుంది, లాటిన్ అమెరికాలో అక్కడా సె అనే అంటారు. మనవాళ్ల అలవాటు ప్రకారం 'మె'ను కదలనివ్వకపోతే 'లుసియా మె దెస్ప్యెర్తా' అనేస్తాం. దాని అర్థం వేరే: లుసియా నన్ను లేపుతోంది!

మన 'కొను' ఉన్న ప్రతిచోటా వాళ్ల 'మె' ఉండదు కూడా. నేర్చుకుంటాను అనడానికి 'ఆప్రెందో' చాలు. స్నానం చేస్తాను అన్నదానిలో మనకు కొను లేదు, వాళ్లకు 'మె' తప్పదు. టిఫిన్ తినడానికి వాడే 'దెసాయునార్'కు మామూలుగా అది పెట్టరు. పళ్లు తోముకునేటప్పుడు మాత్రం మనదీ వాళ్లదీ ఒకే తీరు: 'నా పళ్లు' అని మనం అననట్టే వాళ్లూ 'మిస్' అనరు, 'లోస్ ద్యెంతెస్' అంటారు. ఎవరి పళ్లో 'మె' ముందే చెప్పేసింది కదా.

ఇప్పుడు ప్రశ్నలు. కథను లుసియా గురించి మనం చెప్తున్నట్టు మార్చితే రెండో వాక్యం నుంచి ఎలా ఉంటుంది? 'సె దెస్ప్యెర్తా ఆ లాస్ స్యెతె. సె లెవాంతా ఇ దెస్ప్యెర్తా ఆ సు ఎర్మానో.' తమ్ముణ్ణి లేపేచోట 'సె' రాలేదని గమనించండి. మి కాస్తా సు అయింది.

అక్కా తమ్ముడూ కలిసి మేలుకుంటే? 'నోస్ దెస్పెర్తామోస్'. ప్యె పోయి పె వచ్చింది. ధాతువు మీద ఒత్తి పలికినప్పుడే ఆ అచ్చు ప్యె అవుతుంది. ఇక్కడ ఒత్తు 'తా' మీదికి జారింది. 'బీస్తో' కూడా ఈ చోటే తిరిగి 'నోస్ బెస్తీమోస్' అవుతుంది. చదివేవాళ్లకు ఇదే ఎక్కువగా తప్పే చోటు. పట్టిక బట్టీ పట్టేకంటే ఒత్తు ఎక్కడుందో చెవితో వినడం నయమని నా అభిప్రాయం.

రేపు నేను స్నానం చేయబోతున్నాను అనాలంటే? 'బోయ్ ఆ దూచార్మె'. నిఘంటువులో 'దూచార్సె' అని ఉంటుంది కాబట్టి చాలామంది 'బోయ్ ఆ దూచార్సె' అనేస్తారు. అక్కడున్న 'సె' ఆనవాలు మాత్రమే, మాట్లాడేది నేనైతే అది మె కావాలి.

చివరి ప్రశ్న మీకు. పడుకోబెట్టడం 'ఆకోస్తార్', అమ్మ విషయంలో 'ఆక్వెస్తా' అవుతుంది. 'రాత్రి అమ్మ తమ్ముణ్ణి పడుకోబెట్టి తాను పడుకుంటుంది' అని మీరు రాసినదానిలో 'సె' ఒక్కసారే, అదీ రెండో ఆక్వెస్తా ముందే ఉంటే మీ జవాబు సరైనదే.