తెరిచిన వైన్ సీసాకు గాలే శత్రువు

750 మి.లీ. వైన్ సీసా తెరిచి ఇద్దరు చెరో 150 మి.లీ. తాగి, కార్క్ బిగించారనుకుందాం. వైన్ ఖాళీ చేసిన 300 మి.లీ. జాగాను గాలి ఆక్రమిస్తుంది. ఆ గాలిలో అయిదో వంతు ఆక్సిజన్. తూకం వేస్తే 80 మిల్లీగ్రాములకు అటూ ఇటూగా ఉంటుంది. చూడ్డానికి ఇది కొంచెమే. కానీ మిగిలిన వైన్ రుచి చెడగొట్టడానికి అదే ఎక్కువ.

ఆక్సిజన్ తగిలాక ఆల్కహాల్‌లో కొంత మెల్లగా అసిటాల్డిహైడ్‌గా మారుతుంది. అప్పుడు వైన్ నుంచి కోసి వదిలేసిన ఆపిల్ ముక్కల వాసన వస్తుంది, వైట్ వైన్ రంగు ముదురుతుంది. ఇంకొన్నాళ్లు వదిలేస్తే బ్యాక్టీరియా దాన్ని వినెగర్ దారి పట్టిస్తుంది. నెయిల్ పాలిష్ రిమూవర్ వాసన తగిలిందంటే ఇక గ్లాసులో పోసుకోనక్కర్లేదు.

గాలి చేరకుండా చూసుకోవడానికి ఖర్చులేని ఉపాయం ఒకటుంది. ఖాళీ అయిన 375 మి.లీ. హాఫ్ బాటిల్‌ను శుభ్రంగా కడిగి, ఆరబెట్టి ఉంచుకోవాలి. కొత్త సీసా తెరవగానే, గ్లాసులు నింపకముందే, సగం వైన్‌ను అందులోకి గోడ వెంట నెమ్మదిగా ఒంపాలి. మెడ దాకా నింపి మూత గట్టిగా పెట్టి ఫ్రిజ్‌లో నిలబెట్టాలి. తాగగా మిగిలినదాన్ని రాత్రి అందులో పోద్దామంటే లాభం తక్కువ. అప్పటికే ఆక్సిజన్ వైన్‌లో కరిగిపోయి ఉంటుంది. ఒంపేటప్పుడు కూడా కాస్త గాలి కలుస్తుంది కాబట్టి ఇది నెలల తరబడి దాచే పద్ధతి కాదు. నాలుగైదు రోజులకు మాత్రం బాగా పనికొస్తుంది.

రెడ్ వైన్‌ను ఫ్రిజ్‌లో పెట్టకూడదని చాలామంది అనుకుంటారు. తెరిచిన సీసాకు ఆ పట్టింపు వద్దు. చల్లదనంలో రసాయన చర్యలన్నీ నెమ్మదిస్తాయి. తాగే ముందు అరగంట బయట పెడితే చాలు. మే నెల హైదరాబాద్‌లో వంటింటి అల్మారా కంటే ఫ్రిజ్ ఎన్నో రెట్లు నయం.

చేత్తో గాలి లాగే రబ్బరు మూత పంపులు దుకాణాల్లో దొరుకుతాయి. అవి గాలినంతా తీయలేవు. తీసిన మేరకైనా రబ్బరు సందుల్లోంచి మళ్లీ చొరబడుతుంది. ఒకరోజుకు ఫర్వాలేదు, వారానికి నమ్మలేం. పొంగే వైన్‌కు అసలు వాడకూడదు, ఉన్న బుడగల్నే లాగేస్తాయి. ఆర్గాన్ వాయువు స్ప్రే వీటికంటే మెరుగు. అది గాలి కంటే బరువైనది, వైన్‌తో ఏ చర్యా జరపదు. 2013లో మార్కెట్‌లోకి వచ్చిన కోరావిన్ పరికరం ఇంకో అడుగు ముందుకేసింది. కార్క్ తీయకుండానే సన్నని సూది దింపి, వైన్ బయటికొచ్చే కొద్దీ ఆ ఖాళీలో ఆర్గాన్ నింపుతుంది. ఖరీదైన సీసాను నెలల తరబడి గ్లాసు గ్లాసుగా తాగేవారికి తప్ప ఆ ఖర్చు గిట్టదు.

షాంపేన్ సీసా మూతిలో వెండి చెంచా వేలాడదీస్తే బుడగలు నిలుస్తాయన్న నమ్మకం ఫ్రాన్స్‌లో బలంగా ఉండేది. 1990లలో షాంపేన్ ప్రాంతపు ఉత్పత్తిదారుల సంస్థ సీసాల్లోని పీడనాన్ని కొలిచి చూసింది. చెంచా పెట్టినా పెట్టకపోయినా వాయువు ఒకేలా పోయింది. బిగుతైన షాంపేన్ మూత పెట్టిన సీసాలో మాత్రం నిలిచింది. ఆ మూతతో ఫ్రిజ్‌లో ఉంచిన షాంపేన్ రెండు మూడు రోజుల దాకా బుసబుసలాడుతూనే ఉంటుంది.