గోడకు ఆనిన నిచ్చెన, మూలకు లాగిన టేపు

ఇంటి గోడకు 13 అడుగుల నిచ్చెన ఆనించారు. దాని కాళ్లు గోడకు 5 అడుగుల దూరంలో ఉన్నాయి. పైకొన గోడను ఎంత ఎత్తులో తాకుతుంది? టేపు పట్టుకుని పైకెక్కనక్కర్లేదు. గోడ నిట్టనిలువుగా, నేల సమతలంగా ఉంటే గోడా నేలా కలిసేచోట లంబకోణం ఏర్పడుతుంది. నిచ్చెన ఆ కోణానికి ఎదురుగా ఉండే కర్ణం. కర్ణం వర్గం మిగతా రెండు భుజాల వర్గాల మొత్తానికి సమానం కాబట్టి, 13 వర్గమైన 169 లోంచి 5 వర్గమైన 25 తీసేస్తే 144 మిగులుతుంది. దాని వర్గమూలం 12. పైకొన 12 అడుగుల ఎత్తున ఉందన్నమాట.

బడిలో లెక్క ఇక్కడితో ఆగుతుంది. నిచ్చెన ఎక్కే మనిషికి కావాల్సింది మాత్రం దీని తర్వాతే ఉంది. కాళ్లను గోడ నుంచి కొంచెం ఇవతలికి లాగితే పైకొన ఎంత దిగుతుంది? అదే 13 అడుగుల నిచ్చెన తీసుకుందాం. కాళ్లు 3 అడుగుల దూరంలో ఉన్నప్పుడు పైకొన దాదాపు 12 అడుగుల 8 అంగుళాల ఎత్తులో ఉంటుంది. కాళ్లను ఒక అడుగు వెనక్కి, 4 అడుగుల దూరానికి జరిపితే పైకొన మూడున్నర అంగుళాలకు మించి దిగదు. అవే కాళ్లు 11 అడుగుల దూరం నుంచి 12కు జారితే? పైకొన దాదాపు 7 అడుగుల నుంచి 5 అడుగులకు పడిపోతుంది. కింద జారింది రెండుసార్లూ ఒక్క అడుగే. పైన దిగిన దూరంలో ఆరేడు రెట్ల తేడా. నిచ్చెన జారడం మొదలయ్యాక చూస్తుండగానే వేగం అందుకోవడానికి ఇదొక కారణం. నిచ్చెన ఏటవాలు పెరిగేకొద్దీ కింద జారే ప్రతి అంగుళానికీ పైన దిగే దూరం పెరుగుతూ పోతుంది.

అందుకే నిచ్చెనల భద్రత గురించి చెప్పేవాళ్లు ఒక కొలత పెట్టారు. నిచ్చెన ఆనే చోటు వరకు ఉన్న పొడవులో నాలుగో వంతు దూరంలో కాళ్లు ఉండాలి. మన 13 అడుగుల నిచ్చెనకు అది 3 అడుగుల 3 అంగుళాలు. అంతకంటే బాగా దగ్గరైతే ఎక్కే మనిషి బరువుకు నిచ్చెన వెనక్కి తిరగబడవచ్చు. బాగా దూరమైతే కాళ్లు జారతాయి.

చాలామంది కాళ్లను గోడ మొదట్లోకి నెట్టేది ఎత్తు అందదేమోనన్న భయంతో. ఆ భయం ఎంతవరకు నిజమో లెక్కే చెబుతుంది. 3 అడుగుల 3 అంగుళాల దూరంలో పెట్టిన 13 అడుగుల నిచ్చెన 12 అడుగుల 7 అంగుళాల ఎత్తును తాకుతుంది. గోడకు పూర్తిగా అతికించి నిలబెట్టినా అందేది 13 అడుగులే. సరైన వాలులో పెట్టడం వల్ల పోయేది 5 అంగుళాలు! ఆ 5 అంగుళాల కోసం వెల్లకిలా పడే ప్రమాదం కొని తెచ్చుకోవద్దని నిచ్చెన ఎక్కే ప్రతి ఒక్కరికీ చెప్పాలనిపిస్తుంది. ఎత్తు నిజంగానే చాలకపోతే పొడవైన నిచ్చెన తెచ్చుకోవాలి. 12 అడుగుల డాబా ఎక్కాలంటే అంచు దాటి ఇంకో మూడడుగులైనా పైకి ఉండాలి, దిగేటప్పుడు చేత్తో పట్టుకోవడానికి. కాళ్లు 3 అడుగుల దూరంలో ఉంటే డాబా అంచు వరకు పట్టే పొడవు 12 అడుగుల నాలుగున్నర అంగుళాలు. అంటే ఆ పనికి 16 అడుగుల నిచ్చెన సరిపోతుంది.

ఇలా జారే నిచ్చెన లెక్క మనం అనుకునేదానికంటే చాలా పాతది. బ్రిటిష్ మ్యూజియంలో బీఎం 85196 అనే సంఖ్యతో ఒక మట్టి పలక ఉంది. 3,500 ఏళ్లకు పైబడిన బాబిలోనియా పలక అది. గోడకు నిలువుగా ఆనించిన ఒక దూలం లెక్క అందులో ఉంది. దూలం పొడవు 30 పాళ్లు. పైకొన 6 పాళ్లు కిందికి జారింది. కింది కొన ఎంత ఇవతలికి వచ్చింది? 30 వర్గం 900. మిగిలిన ఎత్తు 24, దాని వర్గం 576. తేడా 324, వర్గమూలం 18. పలక మీదున్న జవాబు కూడా అదే. పైథాగరస్ పుట్టడానికి వెయ్యేళ్ల ముందే ఈ సంబంధాన్ని వాడి లెక్క తేల్చినవాళ్లు ఉన్నారు.

ఇంతవరకూ చేసిన ప్రతి లెక్కా ఒక నమ్మకం మీద ఆధారపడింది. గోడ నిలువుగా ఉందని, నేలతో లంబకోణం చేస్తుందని ముందే అనుకున్నాం. కోణం తెలుసు, పొడవు కనుక్కున్నాం. కొత్త ఇంటికి ముగ్గు పోసే చోట పరిస్థితి దీనికి తలకిందులు. అక్కడ పొడవులు టేపుతో కొలుచుకోవచ్చు. తెలియాల్సింది కోణం. ఈ మూల నిజంగా లంబకోణమేనా?

అక్కడ వాడేది సిద్ధాంతాన్ని కాదు, దాని విపర్యయాన్ని. రెండు భుజాల వర్గాల మొత్తం మూడో భుజం వర్గానికి సమానమైతే, ఆ మూడో భుజానికి ఎదురుగా ఉన్నది లంబకోణమే అని విపర్యయం చెబుతుంది. రెండూ ఒకటేనని అనిపిస్తుంది కానీ కాదు. వాన పడితే నేల తడుస్తుంది. నేల తడిసిందంటే వాన పడిందని చెప్పలేం. ఒక మాట నిజమైనంత మాత్రాన దాన్ని తిప్పి చెబితే నిజం కానక్కర్లేదు. అందుకే యూక్లిడ్ తన గ్రంథం మొదటి భాగంలో సిద్ధాంతాన్ని 47వ ప్రతిపాదనగా నిరూపించి, విపర్యయాన్ని 48వదిగా విడిగా నిరూపించాడు. నిరూపణ చిన్నదే. మన చేతిలో 3, 4, 5 భుజాల త్రిభుజం ఉంది, దాని కోణం తెలియదు. పక్కనే 3, 4 కొలతలతో కచ్చితమైన లంబకోణ త్రిభుజం ఒకటి గీద్దాం. సిద్ధాంతం ప్రకారం దాని కర్ణం 5 కావాలి. ఇప్పుడు రెండు త్రిభుజాల మూడు భుజాలూ సమానం. మూడు భుజాలు సమానమైన త్రిభుజాలు ఒకదాని మీద ఒకటి అచ్చుగుద్దినట్టు సరిపోతాయి. కాబట్టి మన త్రిభుజంలోనూ అది లంబకోణమే.

మేస్త్రి ముందు ఒక గోడ గీతను ఖాయం చేసుకుంటాడు. రెండు గూటాలు పాతి వాటి తలల మీద మేకులు కొట్టి దారం బిగిస్తాడు. మూల మేకు నుంచి ఆ దారం మీద 12 అడుగుల దగ్గర గుర్తు పెడతాడు. అదే మేకు నుంచి రెండో దారం లాగి దాని మీద 9 అడుగుల దగ్గర గుర్తు. ఇప్పుడు ఒక గుర్తు మీద టేపు సున్నా పట్టి రెండో గుర్తు దాకా లాగితే 15 అడుగులు రావాలి. తక్కువొస్తే మూల మూసుకుంది, రెండో దారాన్ని బయటికి తెరవాలి. ఎక్కువొస్తే మూల విచ్చుకుంది, లోపలికి తేవాలి. దారం చివర పట్టుకున్న మనిషి అలా కొద్దికొద్దిగా జరుగుతుంటే 15 సరిగ్గా గుర్తు మీదికి వచ్చిన క్షణాన గూటం దిగగొడతారు.

బడిలో నేర్పిన 3, 4, 5 ఉండగా 9, 12, 15 ఎందుకు? మేకు లావు, దారం వంపు, టేపు కొక్కెం వదులు, చూపు తేడా అన్నీ కలిసి ఏటవాలు కొలతలో ఓ పావు అంగుళం తప్పు రావడం మామూలే. 3, 4, 5 అడుగుల త్రిభుజంలో పావు అంగుళం తప్పితే కోణం అర డిగ్రీ తప్పుతుంది. కాగితం మీద అది కంటికి ఆనదు. 30 అడుగుల గోడ పొడవునా సాగేసరికి అవతలి కొన 3 అంగుళాలు పక్కకు పోతుంది. అదే పావు అంగుళం తప్పు 9, 12, 15 త్రిభుజంలో జరిగితే 30 అడుగుల దగ్గర తేడా ఒక అంగుళం. త్రిభుజం మూడు రెట్లు పెద్దదైతే తప్పు మూడో వంతుకు తగ్గింది. చేతి మూలమట్టం ఇటుకల వరసకు పనికొస్తుంది కానీ ఇంటి మూలకు చాలకపోవడానికి కారణం ఇదే. దాని చెయ్యి పొట్టిది.

పెద్ద త్రిభుజం సంగతి శుల్బసూత్రకారులకు బాగా తెలుసు. ఆపస్తంబుడు యజ్ఞవేదికి మూల తీసే పద్ధతి చూడండి. తూర్పు పడమరలుగా 36 ప్రక్రమాల, అంటే 36 అంగల దూరంలో రెండు మేకులు పాతాలి. 36కు 18 కలిపి 54 ప్రక్రమాల తాడు తీసుకుని దాని చివరలను రెండు మేకులకూ కట్టాలి. పడమటి చివర నుంచి 15 దగ్గర తాడు మీద గుర్తు పెట్టి, ఆ గుర్తును పట్టుకుని తాడు బిగిసేదాకా పక్కకు లాగాలి. అవతలి ముక్క 39. 15 వర్గం 225, 36 వర్గం 1,296, కలిపితే 1,521. అది 39 వర్గం. పడమటి మేకు దగ్గర లంబకోణం తయారైంది. మొదట చూసిన 5, 12, 13 నిచ్చెనకు ఇది సరిగ్గా మూడింతలు.

నాలుగు మూలలూ గుర్తు పెట్టాక ఇంకో పరీక్ష చేయాలి. 24 అడుగుల వెడల్పు, 30 అడుగుల పొడవు ఉన్న ఇంటికి మూల నుంచి ఎదుటి మూలకు ఎంత రావాలి? 576, 900 కలిపితే 1,476. వర్గమూలం 38.42, అంటే 38 అడుగుల 5 అంగుళాలు. ఒక ఐమూల 38 అడుగుల 9 అంగుళాలు, రెండోది 38 అడుగుల 1 అంగుళం వచ్చిందనుకుందాం. భుజాలన్నీ సరిగ్గానే ఉన్నా ఇల్లు ఒక పక్కకు ఒరిగింది. తప్పు ఒక డిగ్రీ. 30 అడుగుల ముందు గోడ గీతను కదపకుండా, వెనక గోడ మేకులు రెంటినీ ఆ గోడ వెంబడే సుమారు 5 అంగుళాలు జరపాలి. పొడవెక్కువ వచ్చిన ఐమూల ఏ మేకు దగ్గర ముగుస్తుందో ఆ మేకు లోపలికి కదిలే దిక్కుగా జరపాలి. ఆ తర్వాత నాలుగు భుజాలనూ మళ్లీ కొలవాలి.

రెండు ఐమూలలూ సమానంగా వచ్చాయని ఊరుకోవడం కూడా ప్రమాదమే. ముందు గోడ 30 అడుగులు, వెనక గోడ 29 అడుగులు ఉండి, పక్క గోడలు రెండు వైపులా సమానంగా లోపలికి వాలినా ఐమూలలు సమానంగానే వస్తాయి. ఎదురెదురు గోడలు సమానమని తేలాకే ఐమూలల పరీక్షకు విలువ.

టేపును అడ్డంగా పట్టాలన్నది మరిచిపోకూడదు. 30 అడుగుల దూరంలో నేల 2 అడుగులు పల్లమైతే, వాలు వెంబడి పరిచిన టేపు 30 అడుగుల చోట ముప్పావు అంగుళం పైచిలుకు ఎక్కువ చూపిస్తుంది. వాలు నేల మీద టేపే ఒక కర్ణమైపోతుంది. పల్లం వైపు గూటాన్ని ఎత్తుగా నిలబెట్టి, నీటి గొట్టంతో రెండు వైపులా మట్టం చూసుకుని, అప్పుడు లాగాలి.

గోడలు లేచి, పూత అయ్యాక మూల తప్పును ఎవరూ సరిచేయలేరు. అది బయటపడేది టైల్స్ పరిచే రోజున. ఒక గోడను ఆసరాగా తీసుకుని వరసలు పరుస్తూ వెళితే, పక్క గోడ అంచున పడే ముక్కలు ఒక చివర 5 అంగుళాల వెడల్పుతో మొదలై రెండో చివరకు 4 అంగుళాలకు సన్నబడతాయి. మంచి టైల్స్ మేస్త్రి మొదటి టైలు వేయకముందే గది మధ్యలో దారాలు కట్టి 6, 8, 10 చూసుకుని, ఆ తేడాను తలుపు ఎదురుగా కనబడే గోడకు కాకుండా మంచం, బీరువా వచ్చే గోడ వైపుకు నెట్టేస్తాడు.